పన్నెండు వేలలో ఒకటి

తొమ్మిదో తరగతి రసాయనశాస్త్రంలో పరమాణు నిర్మాణం పాఠం నుంచి తరచూ వచ్చే ప్రశ్న రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం. పరిశీలనలు రాసి, వాటి నుంచి వచ్చిన నిర్ధారణలు రాయమంటారు. పిల్లలు గడగడా రాసేస్తారు. ఎక్కువ ఆల్ఫా కణాలు నేరుగా దూసుకుపోయాయి కాబట్టి పరమాణువులో చాలాభాగం ఖాళీ. కొన్ని కాస్త పక్కకు తిరిగాయి కాబట్టి లోపల ధనావేశం చాలా తక్కువ చోట ఉంది. పన్నెండు వేలలో ఒకటి వెనక్కి వచ్చింది కాబట్టి ద్రవ్యరాశి అంతా మధ్యలో ఒక చిన్న కేంద్రకంలో ఉంది. మార్కులు పడతాయి.

ఆ జవాబు రాసిన పిల్లల్ని ఇంకో ప్రశ్న అడిగి చూడండి. థామ్సన్ చెప్పిన పరమాణువే నిజమై ఉంటే ఆల్ఫా కణాలు ఏమయ్యేవి? రేకుకు తగిలి ఆగిపోయేవనో, అన్నీ వెనక్కి వచ్చేవనో చాలామంది చెబుతారు. అది తప్పు. థామ్సన్ పరమాణువుల గుండా కూడా అవి దాదాపు నేరుగానే దూసుకుపోతాయి. అంటే మొదటి పరిశీలన ఒక్కటే చేతిలో ఉంటే థామ్సన్ ఓడిపోయేవాడు కాదు. ఆయన నమూనాను పడగొట్టింది నేరుగా వెళ్లిన 11,999 కణాలు కాదు, వెనక్కి వచ్చిన ఆ ఒక్కటే. అది ఎలాగో అర్థమైతే ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది పెద్దగా మిగలదు.

థామ్సన్ దగ్గర ఉన్న ఆధారాలు

పదార్థం విడగొట్టలేని పరమాణువులతో తయారైందని జాన్ డాల్టన్ 1808లో పుస్తకం వేశాడు. రసాయన చర్యల్లో మూలకాలు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఎందుకు కలుస్తాయో చెప్పడానికి ఆ ఊహ సరిపోయింది. పరమాణువు లోపల ఏముందన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

ఆ ప్రశ్న లేవనెత్తింది కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో 1897లో జె.జె. థామ్సన్ చేసిన పని. గాలి చాలావరకు తీసేసిన గాజు గొట్టంలో ఎక్కువ వోల్టేజి పెడితే రుణధ్రువం నుంచి కిరణాలు బయల్దేరతాయి. విద్యుత్ పలకల మధ్య అవి ధన పలక వైపు వంగాయి. అయస్కాంతం కూడా వాటిని వంచింది. ఎంత వంగాయో కొలిచి, ఆ కిరణాల్లోని కణానికి ఆవేశం, ద్రవ్యరాశుల నిష్పత్తి ఎంతో థామ్సన్ లెక్కగట్టాడు. గొట్టంలో ఏ వాయువు నింపినా, ధ్రువాన్ని ఏ లోహంతో చేసినా ఆ నిష్పత్తి మారలేదు. కాబట్టి ఆ కణం ఫలానా పదార్థానికి చెందింది కాదు, అన్ని పరమాణువుల్లోనూ ఉండేదే. అది హైడ్రోజన్ పరమాణువు కంటే వెయ్యి రెట్లకు పైగా తేలిక. నేటి లెక్క ప్రకారం సుమారు 1,837 రెట్లు. అదే ఎలక్ట్రాన్.

ఎలక్ట్రాన్ రుణావేశం గలది. పరమాణువుకు మొత్తమ్మీద ఆవేశం లేదు. అయితే దాన్ని సరితూచే ధనావేశం ఎక్కడో ఉండాలి. ఎక్కడుందో చెప్పే ఆధారం అప్పటికి ఒక్కటీ లేదు. అందుకే 1904లో థామ్సన్ అందరికీ తేలిగ్గా తోచే మార్గం ఎంచుకున్నాడు. పరమాణువు మొత్తం ధనావేశం సమానంగా పరుచుకున్న గోళమని, ఎలక్ట్రాన్లు అందులో పొదిగి ఉన్నాయని చెప్పాడు. మన పాఠాల్లో దీన్నే పుచ్చకాయ నమూనా అంటారు. ఎర్రటి గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. పరమాణువు తటస్థంగా ఎందుకుంటుందో ఈ నమూనా సరిగానే చెప్పింది. చేతిలో ఉన్న ఆధారాలకు అది తగిన నమూనాయే.

ఆల్ఫా కణం ఎందుకు?

ధనావేశం ఎలా పరుచుకుని ఉందో తెలియాలంటే పరమాణువు లోపలికి ఏదో ఒకటి పంపి, అది ఏ దారిన బయటికొస్తుందో చూడాలి. అలా పంపేదానికి మూడు లక్షణాలుండాలి: ఆవేశం, మంచి బరువు, గొప్ప వేగం. రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే ఆల్ఫా కణానికి మూడూ ఉన్నాయి. దాని ఆవేశం +2, ద్రవ్యరాశి 4 యూనిట్లు. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన హీలియం పరమాణువే ఆల్ఫా కణం. రూథర్‌ఫర్డ్ బృందం వాడిన ఆల్ఫా కణాల్లో వేగమైనవి సెకనుకు సుమారు 19 వేల కిలోమీటర్లు వెళ్లేవి.

న్యూజిలాండ్‌లో పుట్టిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్‌కు ఈ కణాలతో చాలాకాలంగా పరిచయం. కెనడాలో పనిచేస్తున్నప్పుడు, పలుచని అభ్రకం పొర గుండా వెళ్లిన ఆల్ఫా కణాల పుంజం అంచులు కొంచెం చెదిరినట్టు 1906లో ఆయన గమనించాడు. ఈ చెదరడాన్నే పరిక్షేపణం అంటాం. 1907లో ఆయన ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ జర్మనీ నుంచి వచ్చిన హాన్స్ గైగర్ ఆయనకు తోడయ్యాడు. బంగారు రేకు ప్రయోగాన్ని రూథర్‌ఫర్డ్ పేరుతో చెప్పుకుంటాం గానీ, గంటల తరబడి కూర్చుని లెక్కపెట్టింది గైగర్, ఇంకా డిగ్రీ చదువుతున్న ఇరవై ఏళ్ల ఎర్నెస్ట్ మార్స్‌డెన్. పరీక్ష జవాబులో ఈ ఇద్దరి పేర్లూ రాయడం న్యాయం.

బంగారాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా పరీక్షలో అడిగే ప్రశ్నే. బంగారాన్ని మిగతా లోహాలకన్నా పలుచగా సాగగొట్టవచ్చు. రేకు దళసరిగా ఉంటే ఆల్ఫా కణాలు అందులోనే వేగం కోల్పోయి ఆగిపోతాయి. వాడిన రేకు మందం సుమారు 1,000 పరమాణువులని పాఠ్యపుస్తకం చెబుతుంది. రెండో కారణం, బంగారు పరమాణువు బరువైనది. ఆల్ఫా కణం కంటే అది దాదాపు యాభై రెట్లు బరువు. ప్లాటినం, వెండి, రాగి, అల్యూమినియం వంటి లోహాలతో కూడా వాళ్లు ప్రయోగం చేశారు. లోహం తేలికయ్యేకొద్దీ వెనక్కి వచ్చే కణాలు తగ్గిపోయాయి.

చీకటి గదిలో మెరుపుల లెక్క

ఆల్ఫా కణాలు కంటికి కనబడవు. జింక్ సల్ఫైడ్ పూసిన తెర మీద ఒక్కో కణం తగిలిన చోట ఒక్కో చిన్న మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపు ఎంత మసకంటే, సూక్ష్మదర్శిని పెట్టి చూడాలి. గది పూర్తిగా చీకటిగా ఉండాలి. చూసేవాడి కన్ను ఆ చీకటికి అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు లెక్క మొదలుపెట్టాలి. నిమిషానికి మెరుపులు మరీ ఎక్కువైతే లెక్క తప్పుతుంది. మరీ తక్కువైతే అసలు పడ్డ మెరుపేదో, కన్ను భ్రమపడ్డదేదో తెలియదు. చూసే కన్ను అలసిపోతుంది కూడా.

ఆల్ఫా కణాలు పెద్ద కోణంలో తిరగడం ఏమైనా కనబడుతుందేమో చూడమని రూథర్‌ఫర్డ్ 1909లో మార్స్‌డెన్‌కు అప్పగించాడు. ఏమీ కనబడదనే అందరి అంచనా. రేడియోధార్మిక గొట్టానికీ తెరకూ మధ్య సీసపు పలక అడ్డం పెట్టారు, నేరుగా వచ్చే కణాలు తెర మీద పడకుండా. లోహపు పలకను గొట్టానికి ఎదురుగా నిలబెట్టారు. ఇప్పుడు తెర మీద మెరుపు కనబడిందంటే అది లోహాన్ని చేరి వెనక్కి తిరిగిన కణమే. మెరుపులు కనబడ్డాయి. ప్లాటినం పలక మీద పడిన సుమారు 8,000 కణాల్లో ఒకటి వెనక్కి వస్తోందని ఇద్దరూ కలిసి ప్రకటించారు.

ఇది లోహం పైపొర మీద జరుగుతున్న పనా, లోపల జరుగుతున్నదా అన్న అనుమానం వచ్చింది. బంగారు రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి చూశారు. పేర్చేకొద్దీ వెనక్కి వచ్చే కణాల సంఖ్య పెరిగింది. పైపొర పనైతే ఎన్ని రేకులు పేర్చినా సంఖ్య మారకూడదు. కాబట్టి కణాలు లోహం లోపలికి వెళ్లి, అక్కడి పరమాణువుల వల్ల వెనక్కి తిరుగుతున్నాయి.

ఇక్కడ అంకెల విషయంలో గందరగోళం రావచ్చు. కొన్ని పుస్తకాల్లో 12,000లో ఒకటి అనీ, కొన్నింట 20,000లో ఒకటి అనీ, కొన్నింట 8,000లో ఒకటి అనీ ఉంటుంది. ఈ సంఖ్య ఏ లోహం వాడారు, రేకు ఎంత మందం, కణం ఎంత వేగం, ఎంత కోణాన్ని దాటితే "వెనక్కి వచ్చింది" అని లెక్కేశారు అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఏదో ఒక్కటే నిజమని వాదించాల్సిన పనిలేదు. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకంలో ఉన్న అంకె రాయండి.

థామ్సన్ పరమాణువు ఎందుకు చాలలేదు

ఆల్ఫా కణాన్ని వెనక్కి తిప్పగలిగేది ఎవరు? పుచ్చకాయ నమూనాలో ఇద్దరే ఉన్నారు, ఎలక్ట్రాన్లు, పరుచుకున్న ధనావేశం.

ఎలక్ట్రాన్ల సంగతి ముందు చూద్దాం. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే సుమారు 7,300 రెట్లు బరువు. అంత తేలిక కణం ఎంత గట్టిగా తగిలినా ఆల్ఫా కణం దారి డిగ్రీలో నూరో వంతైనా మారదు. ఎలక్ట్రానే ఎగిరిపోతుంది. కాబట్టి ఎలక్ట్రాన్లకు ఆ శక్తి లేదు.

ఇక ధనావేశం. ఒక గోళమంతటా సమానంగా పరుచుకున్న ఆవేశం, బయటి కణాన్ని అన్నిటికంటే గట్టిగా నెట్టేది గోళం ఉపరితలం దగ్గర. లోపలికి పోయేకొద్దీ ఆ తోపు తగ్గుతుంది, ఎందుకంటే కణం చుట్టూ అన్నివైపులా ఆవేశం ఉండి ఒకదాని తోపును మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. బంగారు పరమాణువులోని ధనావేశం మొత్తాన్ని పరమాణువంత గోళంలో పరిస్తే, దాని ఉపరితలాన్ని చేరే ఆల్ఫా కణం కోల్పోయే శక్తి, దాని మొత్తం శక్తిలో నాలుగు వేలవ వంతు కూడా ఉండదు. కణం దాదాపు ఏమీ తగలనట్టే వెళ్లిపోతుంది. థామ్సన్ పరమాణువులో కూడా ఆల్ఫా కణాలు నేరుగా పోతాయని మొదట్లో అన్నది ఇందుకే.

మరి వెయ్యి పరమాణువులు ఒక్కొక్కటే కొంచెం కొంచెం తిప్పితే అన్నీ కలిసి పెద్ద కోణం అవ్వచ్చు కదా? తెలివైన ప్రశ్న. థామ్సన్ వాదన కూడా అదే. కానీ ఒక పరమాణువు కుడికి తిప్పితే మరొకటి ఎడమకు తిప్పుతుంది. ఇవి ఎక్కువగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్రయోగంలో వాడినలాంటి బంగారు రేకులో ఆల్ఫా కణాలు ఎక్కువగా తిరిగే కోణం 0.87 డిగ్రీలని గైగర్ కొలిచాడు. ఒక్క డిగ్రీ కూడా నిండని ఈ చిన్న మలుపులే కూడి 90 డిగ్రీలు అయ్యే అవకాశమెంతో సంభావ్యత ప్రకారం లెక్కిస్తే, ఒకటి పక్కన రెండు వేలకు పైగా సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక కణానికి దక్కుతుంది. ప్రయోగంలో మాత్రం కొన్ని వేలలో ఒకటి తిరిగింది. ఈ రెంటికీ పొంతనే లేదు. కాబట్టి వెనక్కి వచ్చిన కణం వెయ్యి పరమాణువుల చేత కొంచెం కొంచెంగా తిరగలేదు. ఒకే ఒక్క పరమాణువు దగ్గర, ఒకే దెబ్బకు తిరిగింది.

ఒక్క దెబ్బకు అంత తోపు రావాలంటే ధనావేశం మొత్తం ఒకచోట కుదించుకుని ఉండాలి. ఆవేశాల మధ్య తోపు దూరం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. అదే ఆవేశం పదివేల రెట్లు చిన్న వ్యాసార్ధం గల గోళంలో ఇమిడితే, దాని అంచు దగ్గర తోపు పది కోట్ల రెట్లవుతుంది. ఆల్ఫా కణాన్ని వెనక్కి తిప్పడానికి ఇది చాలు. తోసేది తాను కదిలిపోకుండా ఉండాలంటే ఆల్ఫా కణం కంటే బాగా బరువై ఉండాలి కూడా. ఎలక్ట్రాన్ల బరువు లెక్కలోకి రానంత. కాబట్టి పరమాణువు ద్రవ్యరాశి దాదాపు అంతా ఆ చిన్న చోటే ఉండాలి. ఇదే కేంద్రకం. రూథర్‌ఫర్డ్ ఈ వాదనను 1911లో ప్రచురించాడు.

పాఠ్యపుస్తకంలోని రెండు అంకెలతో ఒక లెక్క

కేంద్రకం ఎంత చిన్నదో అంచనా కట్టడానికి కళాశాల గణితం అక్కర్లేదు. పాఠంలో ఉన్న రెండు అంకెలు చాలు. రేకు మందం 1,000 పరమాణువులు, వెనక్కి వచ్చింది 12,000లో ఒకటి.

ఒక్కో ఆల్ఫా కణం రేకును దాటుతూ వరసగా 1,000 పరమాణువుల గుండా వెళుతుంది. 12,000 కణాలు మొత్తం 12,000 × 1,000 = 1,20,00,000 పరమాణువుల గుండా వెళ్లినట్టు. ఈ కోటీ ఇరవై లక్షల సార్లలో ఒక్కసారే కణం వెనక్కి తిరిగింది. అంటే ఎదురుగా నిలబడి చూస్తే, పరమాణువు వైశాల్యంలో కోటీ ఇరవై లక్షల వంతు మాత్రమే కణాన్ని వెనక్కి తిప్పగల ప్రాంతం. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ సంఖ్యకు వర్గమూలం తీయాలి. సుమారు 3,500 వస్తుంది. అంటే ఆ ప్రాంతం అడ్డుకొలత పరమాణువు అడ్డుకొలతలో 3,500వ వంతు. బంగారు పరమాణువు అడ్డుకొలత సుమారు 3 × 10⁻¹⁰ మీటర్లు. 3,500తో భాగిస్తే సుమారు 9 × 10⁻¹⁴ మీటర్లు, వ్యాసార్ధం అందులో సగం.

రూథర్‌ఫర్డ్ ఇంకో దారిలో లెక్కవేశాడు. కేంద్రకానికి సూటిగా ఎదురెళ్లే ఆల్ఫా కణం, తన శక్తి అంతా వికర్షణను ఎదిరించడానికి ఖర్చయ్యాక ఎంత దూరంలో ఆగి వెనక్కి తిరుగుతుందో చూశాడు. ఆయనకు 3.4 × 10⁻¹⁴ మీటర్లు వచ్చింది. మన చిన్న లెక్క దానికి దగ్గర్లోనే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కొలత కేంద్రకం పరిమాణం కాదు. ఆల్ఫా కణం కేంద్రకాన్ని తాకకముందే, వికర్షణ వల్ల ఆగి వెనక్కి తిరుగుతుంది. కేంద్రకం అంతకంటే చిన్నదని మాత్రమే ఈ ప్రయోగం చెప్పగలదు. తర్వాతి కొలతల ప్రకారం బంగారు కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 × 10⁻¹⁵ మీటర్లు, అంటే పరమాణువు వ్యాసార్ధంలో సుమారు 20,000వ వంతు. తేలిక పరమాణువుల్లో ఈ నిష్పత్తి ఇంకా పెద్దది. పాఠ్యపుస్తకాల్లో ఉండే 10⁵ రెట్లు అన్నది అందరికీ కలిపి చెప్పే గుండ్రని అంకె. "ఆల్ఫా కణాలు కేంద్రకానికి తగిలి వెనక్కి వచ్చాయి" అని రాస్తే అది తప్పని ఇప్పుడు తెలిసింది కదా. "కేంద్రకం వల్ల వికర్షణకు గురై వెనక్కి వచ్చాయి" అని రాయాలి.

రెండేళ్ల తర్వాత పరీక్షించిన విధం

ఒక నమూనా ఉన్న ఫలితాన్ని వివరిస్తే సరిపోదు, ఇంకా చూడని ఫలితాన్ని ముందే చెప్పగలగాలి. కేంద్రకం నిజమైతే ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో రూథర్‌ఫర్డ్ సూత్రం రాశాడు. గైగర్, మార్స్‌డెన్ దాన్ని 1913లో పరీక్షించారు. ఈసారి పరికరం వేరు. గాలి తీసేసిన లోహపు పెట్టెలో ఆల్ఫా వనరును, రేకును కదలకుండా బిగించి, తెర ఉన్న సూక్ష్మదర్శినిని వాటి చుట్టూ తిప్పుతూ 5 డిగ్రీల నుంచి 150 డిగ్రీల వరకు లెక్కపెట్టారు. గాలి ఉంటే ఆల్ఫా కణాలు ఏడు సెంటీమీటర్ల లోపే ఆగిపోతాయి, దారిలో గాలి అణువులు కూడా వాటిని చెదరగొడతాయి. పాఠంలోని బొమ్మలో రేకు చుట్టూ గుండ్రటి తెర గీస్తారు గానీ, నిజానికి తెర చిన్నదే. దాన్నే చుట్టూ తిప్పారు.

సూత్రం ప్రకారం 60 డిగ్రీల దగ్గర వచ్చే కణాలు 120 డిగ్రీల దగ్గర వచ్చేవాటికి సరిగ్గా 9 రెట్లుండాలి. బంగారం మీద వాళ్లకు 60 డిగ్రీల దగ్గర 477, 120 డిగ్రీల దగ్గర 51.9 వచ్చాయి. భాగిస్తే 9.2. రేకు మందం పెంచితే పెద్ద కోణంలో తిరిగే కణాలు అదే నిష్పత్తిలో పెరగాలని సూత్రం చెప్పింది. అలాగే పెరిగాయి. ఇది ఒక్క దెబ్బకే తిరుగుతున్నాయనడానికి మరో రుజువు.

ఈ ప్రయోగం చెప్పనివి

పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. బంగారు రేకు ప్రయోగం నుంచి ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ తిరుగుతున్నాయని తేలలేదు. అది రూథర్‌ఫర్డ్ నమూనాలోని ఊహ. రుణావేశం గల ఎలక్ట్రాన్లు ధన కేంద్రకం ఆకర్షణకు లోపల పడిపోకుండా ఉండాలంటే తిరుగుతూ ఉండాలన్న తర్కం అది. ఆ ఊహలోనే చిక్కు ఉంది. వృత్తాకార దారిలో తిరిగే ఆవేశపూరిత కణం త్వరణం చెందుతుంది, త్వరణం చెందే ఆవేశం శక్తిని వెదజల్లుతుంది. అలా శక్తి కోల్పోతూ ఎలక్ట్రాన్ రెప్పపాటు కూడా పట్టకుండా కేంద్రకంలో పడిపోవాలి. పరమాణువులు స్థిరంగా ఉన్నాయి కాబట్టి నమూనాలో లోపం ఉంది. కొంతకాలం మాంచెస్టర్‌లో పనిచేసిన నీల్స్ బోర్, కొన్ని నిర్ణీత కక్ష్యల్లో తిరిగినంతసేపు ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోదని 1913లో ప్రతిపాదించి ఆ చిక్కును దాటాడు.

కేంద్రకం ఆవేశం ధనమా, రుణమా అన్నది కూడా ఈ ప్రయోగం ఒక్కటే తేల్చలేదు. మధ్యలో గట్టి రుణావేశం ఉన్నా ఆల్ఫా కణాన్ని ఆకర్షించి, తన చుట్టూ తిప్పి వెనక్కి పంపగలదు. కోణాల లెక్క రెంటికీ ఒకటే. రూథర్‌ఫర్డ్ ఈ సంగతి 1911 వ్యాసంలోనే ఒప్పుకుని, ధనావేశంగా తీసుకుని లెక్క నడిపాడు. ఎలక్ట్రాన్లు రుణావేశం గలవి, పరమాణువు తటస్థం, ద్రవ్యరాశి ఎలక్ట్రాన్లది కాదు అన్న మిగతా ఆధారాలు కలిపితేనే కేంద్రకం ధనావేశం గలదని నిలబడుతుంది.

కేంద్రకంలో ఏముంది?

దీనికి కూడా సమాధానం చెప్పింది ఆల్ఫా కణాలే. 1919లో రూథర్‌ఫర్డ్ వాటిని నైట్రోజన్ వాయువులోకి పంపినప్పుడు, హైడ్రోజన్ కేంద్రకాలు బయటికొచ్చాయి. నైట్రోజన్‌లో హైడ్రోజన్ లేదు. కాబట్టి ఆ కేంద్రకాలు నైట్రోజన్ కేంద్రకంలో నుంచే ఊడివచ్చి ఉండాలి. హైడ్రోజన్ కేంద్రకం ఇతర కేంద్రకాల్లోనూ భాగమన్నమాట. దానికి 1920లో ప్రోటాన్ అని పేరు పెట్టాడు. అంతకుముందే, 1886లో గోల్డ్‌స్టీన్ ఉత్సర్గ నాళంలో ధనావేశ కిరణాలు చూశాడు. వాయువు మారితే ఆ కిరణాల్లోని కణాల ద్రవ్యరాశి మారుతుంది. హైడ్రోజన్ నింపినప్పుడు వచ్చే కణం అన్నిటికంటే తేలిక, అదే ప్రోటాన్.

ప్రోటాన్లతోనే లెక్క సరిపోలేదు. హీలియం కేంద్రకం ఆవేశం 2, ద్రవ్యరాశి 4. రెండు ప్రోటాన్లే ఉంటే ద్రవ్యరాశి రెండే రావాలి. మిగిలిన రెండు యూనిట్లు ఎవరివి? ఆవేశం లేని బరువైన కణం ఉండవచ్చని రూథర్‌ఫర్డ్ 1920లోనే ఊహించాడు. ఆవేశం లేని కణం విద్యుత్ పలకల మధ్య వంగదు, దాన్ని పట్టుకోవడం కష్టం.

1932లో జేమ్స్ చాడ్విక్ దాన్ని పట్టుకున్నాడు. ఆల్ఫా కణాలు బెరీలియం మీద పడినప్పుడు ఆవేశం లేని కిరణాలు వస్తాయని అప్పటికే తెలుసు. అవి మైనం మీద పడితే ప్రోటాన్లు వేగంగా ఎగిరిపడేవి. వాటిని గామా కిరణాలనుకున్నారు కొందరు. చాడ్విక్ ఎగిరిన ప్రోటాన్ల వేగాన్ని, నైట్రోజన్ పరమాణువులు అదే కిరణాల వల్ల ఎగిరే వేగాన్ని పోల్చాడు. ప్రోటాన్ వేగం నైట్రోజన్ వేగానికి సుమారు ఏడు రెట్లు. ఢీకొట్టే కణం ద్రవ్యరాశి ఎంతైతే ఈ నిష్పత్తి వస్తుందో లెక్కిస్తే, సుమారు 1.15 యూనిట్లు వచ్చింది. కొలతల్లోని తేడా తీసేస్తే అది ప్రోటాన్ ద్రవ్యరాశే. గామా కిరణాలకు ద్రవ్యరాశి లేదు కాబట్టి అవి కావు. ఆవేశం లేని ఆ కణమే న్యూట్రాన్. 1935లో చాడ్విక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు బంగారం లెక్క పూర్తి చేయవచ్చు. పరమాణు సంఖ్య 79, కాబట్టి కేంద్రకంలో 79 ప్రోటాన్లు, బయట 79 ఎలక్ట్రాన్లు. ద్రవ్యరాశి సంఖ్య 197. అందులో 79 తీసేస్తే 118 న్యూట్రాన్లు. ఆల్ఫా కణం వైపు నుంచి చూస్తే, 2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు ఉన్న కణం 79 ప్రోటాన్ల ఆవేశానికి ఎదురెళ్లింది. సూటిగా ఎదురెళ్లిన ఆ అరుదైన కణం తిరిగి వచ్చింది.

జవాబు రాసేటప్పుడు

ప్రతి పరిశీలన పక్కన దానికి చెందిన నిర్ధారణ మాత్రమే రాయండి. మొదటి పరిశీలన పక్కన "పరమాణువులో చాలాభాగం ఖాళీ" అని రాయవచ్చు, కానీ "అందువల్ల థామ్సన్ నమూనా తప్పు" అని అక్కడ రాయకండి. ఆ వాక్యం వెనక్కి వచ్చిన కణం పక్కన ఉండాలి. దాని పక్కనే కారణం కూడా ఒక వాక్యంలో చెప్పండి: పరుచుకున్న ధనావేశానికి గానీ, తేలికైన ఎలక్ట్రాన్లకు గానీ ఆల్ఫా కణాన్ని ఒక్క దెబ్బకు వెనక్కి తిప్పే శక్తి లేదు. కక్ష్యలు, ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఈ ప్రయోగం కనిపెట్టినవి కావు కాబట్టి వాటిని ఈ నిర్ధారణల్లో కలపకండి. ఏ ఆధారం ఏ మాటను నిలబెడుతుందో విడదీసి రాసిన జవాబే సరైన జవాబు.